ముందు పాపిడి, పొడి ఆఖరున

మా రోజుల్లో తల దువ్వే మనిషి ముందు మొహం చూసేది. ఎదురుగా కూర్చోబెట్టి, గడ్డం కింద వేలు పెట్టి మొహాన్ని అటూ ఇటూ తిప్పి, నుదురు ఎంతుందో, నెత్తి మీద సుడి ఎటు తిరిగిందో చూసుకున్నాకే దువ్వెన తీసేది. ఇప్పుడు దువ్వెన పట్టినవాళ్లు ఫోన్ చూస్తున్నారు. ఫోన్లో అమ్మాయికి నడి పాపిడి ఉంటే కుర్చీలో కూర్చున్న అమ్మాయికీ నడి పాపిడే. అక్కడ ముంగురులు కనుబొమల మీద పడుతుంటే ఇక్కడా కనుబొమల మీద పడాల్సిందే. ఆ తలకీ ఈ తలకీ పొంతన ఉందా అని అడిగేవాళ్లు లేరు. తీరా అద్దంలో నుదురు మునుపటికన్నా పెద్దగా కనబడి అమ్మాయి మొహం చిన్నబోతే, సొరుగులోంచి హెయిర్ ఫైబర్ డబ్బా తీసి నల్లటి పొడి చల్లేస్తారు.

విజయవాడలో పార్లర్ నడుపుతూ, పెళ్లికూతుళ్లకి జడలు వేస్తూ నా వయసంతా గడిపాను. వేళ్ల కీళ్లు మాట వినడం మానేశాక కత్తెర మా కోడలికి అప్పజెప్పి ఓ పక్కన కూర్చుంటున్నాను. కూర్చున్నా కళ్లు ఊరుకోవు కదా. ఆ పొడి మీద నాకు పగేమీ లేదు. పని తెలిసి వాడితే అది మంచి వస్తువే. నా గోడంతా వరస గురించి. ముందు పాపిడి కుదరాలి. తర్వాత ముంగురులు. ఆ రెండూ చేయలేనిది ఏమైనా మిగిలితే అప్పుడు పొడి. ఇవాళ ఆఖరున చేయాల్సిన పని మొదట చేస్తున్నారు. అందుకే ఎంత చల్లినా చాలడం లేదు.

అన్నిటికన్నా ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది. ఆ నుదురు పుట్టుకతోనే పెద్దదా, లేక జుట్టు అంచు వెనక్కి జరగడం వల్ల పెద్దదైందా? నాకు పని నేర్పినావిడ దారంతో కొలిచేది. జుట్టు మొదలయ్యే చోటు నుంచి కనుబొమల దాకా ఒక కొలత, కనుబొమల నుంచి ముక్కు కింది అంచు దాకా ఒకటి, అక్కణ్ణుంచి గడ్డం కొస దాకా ఒకటి. మూడూ ఇంచుమించు సమానంగా ఉంటే నుదుటికి ఏ పనీ చేయక్కర్లేదు, వెళ్లి కాఫీ తాగమనేది. పై కొలత మిగతా రెండిటికన్నా వేలెడు ఎక్కువుంటేనే పని. ఆ తర్వాత కనుబొమలు బాగా పైకెత్తమనేది. నుదుటి మీద ముడతలు పడతాయి కదా, అన్నిటికన్నా పైనున్న ముడతకీ జుట్టు అంచుకీ మధ్య వేలెడంత ఖాళీయే ఉంటే అది ఆ మనిషి సొంత నుదురు. అంతకు మించి నున్నటి చర్మం కనబడితే అంచు జరిగిందేమోనని అనుమానించాలి. ఇంటర్ హాల్ టికెట్ మీది ఫోటో తెచ్చి పక్కన పెడితే ఆ అనుమానం కూడా తీరిపోతుంది.

ఈ రెండు నుదుళ్లకీ మందు ఒకటి కాదు. పుట్టుకతో పెద్ద నుదురున్న అమ్మాయికి అంచులో జుట్టు ఒత్తుగానే ఉంటుంది. ముంగురులు ఎన్ని కావాలంటే అన్ని తీయొచ్చు. అంచు జరిగిన తలలో మూలలు పలచబడి ఉంటాయి. ముంగురులకి ఇవ్వడానికి అక్కడ జుట్టే ఉండదు. ఈ తేడా చూడకుండా ఇద్దరికీ ఒకే కటింగ్ చేస్తే రెండో అమ్మాయికి ఉన్నదీ పోతుంది.

ఆడపిల్లలకి మూలలు ఎందుకు పలచబడతాయంటే, నేను చూసినంతలో ఎక్కువమందికి బిగించి కట్టడం వల్లే. మా కాలంలో ఇది లేదని అనను. నూనె రాసి, కళ్లు పైకి లాక్కుపోయేలా జడలు బిగించి రిబ్బన్లతో మడిచి కట్టేవారు. పెళ్లిళ్లకి సవరం కలిపి, దాని మీద మల్లెపూల జడ కుట్టి, ఆ బరువంతా తలకి వేలాడదీసేవారు. పెద్ద బుట్టల బరువు ఆపడానికి మాటీలు చెంప మీది జుట్టుకే తగిలించేవారు. కానీ ఆ పూలజడ పెళ్లిరోజు ముచ్చట. స్కూలు జడలు సాయంత్రం ఇంటికి రాగానే విప్పేసేవాళ్లం. ఇప్పుడు పొద్దున ఆఫీసుకి నెత్తిన బిగించిన పోనీటెయిల్ సాయంత్రం జిమ్ములోనూ, రాత్రి పడుకున్నాకా అలాగే ఉంటోంది. తడి జుట్టునే రబ్బరు బ్యాండుతో బిగిస్తున్నారు. కుదుళ్ల దగ్గర నొప్పి, చిన్న చిన్న కురుపులు, ఆపైన కణతల దగ్గర పలచబడటం, ఇదీ వరస. దీనికో గుర్తుంది. లాగుడు వల్ల పోయిన జుట్టయితే పాత అంచు మీద సన్నటి పొట్టి వెంట్రుకలు ఒక వరసలో మిగిలి ఉంటాయి, వాటి వెనకే ఖాళీ పడుతుంది. బ్యాండుకి అందని వెంట్రుకలు కాబట్టి అవి బతికిపోతాయి. తొందరగా గమనించి బిగించడం మానేస్తే పోయిన జుట్టు చాలావరకు తిరిగొస్తుంది. ఏళ్ల తరబడి లాగితే కుదురు చచ్చిపోయి చర్మం నున్నబడుతుంది. ఇక అక్కడ మొలవదు.

ముంగురుల గురించి మాట్లాడితే మా తరం వాళ్లకి హిందీ నటి సాధన గుర్తురాకుండా ఉండదు. 1960లో ‘లవ్ ఇన్ సిమ్లా’ వచ్చింది. ఆవిడ నుదురు వెడల్పుగా ఉందని, దర్శకుడు ఆర్.కె. నయ్యర్ ఆడ్రీ హెప్‌బర్న్ తరహాలో ముంగురులు కత్తిరించమన్నాడు. సినిమా వచ్చాక దేశమంతా దానికి సాధన కట్ అని పేరు పడిపోయింది. ఒక నుదుటిని చూసి, ఆ నుదుటి కోసం ఆలోచించి చేసిన పని అది. హిందీ ముక్క రాని మా ఊరి ఆడపిల్లలు కూడా సాధన కట్ కావాలని పేచీ పెట్టేవారు. ఆ ముంగురుల్ని ఫోటోలో సరిగ్గా చూడండి. నుదుటి మీద గోడ కట్టినట్టు ఉండవు. విడివిడిగా పడి, సందుల్లోంచి చర్మం కనబడుతూనే ఉంటుంది. నుదుటిని పూర్తిగా మూసేస్తే మొహం పొట్టిబడిపోతుంది. నుదురు ఎక్కడ మొదలైందో కంటికి తెలియకుండా చేస్తే చాలు, ఎంత పెద్దదో ఎవరూ కొలవరు.

అలా రావాలంటే ముంగురులకి జుట్టు ఎక్కడినుంచి తీసుకుంటున్నామన్నది చూసుకోవాలి. దువ్వెనని నడినెత్తి మీద బల్లపరుపుగా పెడితే ముందువైపు ఒకచోట తల వంపు తిరిగి దువ్వెన గాలిలోకి లేస్తుంది. ఆ చోటు త్రికోణానికి పై కొస. కింది రెండు కొసలు జుట్టు అంచు మీద, కనుబొమల వంపులకి సూటిగా. ఈ త్రికోణంలో జుట్టే ముంగురులు, మిగతాదంతా క్లిప్పులు పెట్టి వెనక్కి. మూలలు పలచబడ్డ అమ్మాయికైతే కింది కొసల్ని మూలల దాకా లాగకూడదు. దానికి బదులు పై కొసని ఇంకో వేలెడు వెనక్కి జరపాలి. నడినెత్తి వైపు జుట్టు ఒత్తుగా ఉంటుంది కాబట్టి దాన్నే ముందుకు తెచ్చి అంచు మీద పడేయడం. మూలల దగ్గరి నాలుగు వెంట్రుకల్ని పొడుగ్గా వదిలేస్తే అవి చెంపల మీదికి జారి ఖాళీని కప్పుతాయి. ఆ నాలుగిట్నీ కత్తిరించేసి, ఖాళీ కనబడుతోందని పొడి చల్లే పార్లర్లు చూశాను. నా కడుపు మండేది అక్కడే.

కత్తిరించేటప్పుడు కూడా తొందర పనికిరాదు. తడి జుట్టు సాగి ఉంటుంది, ఆరాక పైకి లేస్తుంది. కనుబొమల దగ్గరికి రావాలంటే ముందు ముక్కు మధ్య దాకా వదిలి కోసి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు కొంచెం కొంచెంగా పైకి తేవాలి. ఉంగరాల జుట్టయితే అసలు తడపకుండానే కోయాలి. కత్తెరని అడ్డంగా పెట్టి ఒక్క వేటుతో తెంపితే గీత గీసినట్టు వస్తుంది. నిలువుగా పట్టుకుని కొసల్లోకి పోనిస్తూ కోస్తే సాధనకి వచ్చిన మెత్తదనం వస్తుంది. పళ్ల కత్తెర పలచని తల మీదికి తేవద్దని మా కోడలికి వందసార్లు చెప్పాను. అది జుట్టు ఒత్తుగా ఉన్నవాళ్ల బరువు తీయడానికి. ఉన్నదే తక్కువైనప్పుడు తీసేదేముంది?

ఎండాకాలం బెజవాడలో ముంగురులు మెయింటెయిన్ చేయడం కష్టమే. చెమటకీ నూనెకీ అతుక్కుపోయి పాయలుగా విడిపోతాయి, ఆ పాయల మధ్య నుదురు ఇంకా ఎక్కువ కనబడుతుంది. తల నిండా నూనె రాసుకోండి, కాదనను. ఆ ముందు జుట్టుకి మాత్రం వద్దు. తలస్నానం చేయని రోజు ముంగురుల్ని మాత్రమే వాష్‌బేసిన్ దగ్గర కొంచెం షాంపూతో కడిగి, వేళ్లతో అటోసారి ఇటోసారి దువ్వుతూ ఆరబెట్టుకోవాలి. నుదుటి మీద మొటిమలు కూడా తగ్గుతాయి. జుట్టు నెలకి సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది, అంచేత నెలకోసారి కొసలు సరిచేయించుకోవాలి. ఇంత ఓపిక లేనివాళ్లు ముంగురుల జోలికి పోకుండా పాపిడి మార్చుకుంటే సరిపోతుంది.

పాపిడికి డబ్బు ఖర్చు లేదు, కత్తెర అక్కర్లేదు, నచ్చకపోతే మళ్లీ దువ్వుకోవచ్చు. అయినా దాని గురించి ఆలోచించేవాళ్లు తక్కువ. నడి పాపిడి తీస్తే తెల్లటి మాడు గీత నుదుటికి కలిసిపోతుంది. జుట్టు ఒత్తుగా ఉన్నవాళ్లకి ఆ గీత సన్నగా ఉండి అందమే. ముందు పలచబడ్డ తలలో అదే గీత నుదుటి దగ్గర వెడల్పై, నుదురు నెత్తి మీదికి పాకినట్టు కనబడుతుంది. పక్క పాపిడి ఆ దారిని తెంపేస్తుంది. ఎక్కణ్ణుంచి తీయాలంటే, కనుబొమ వంపు పైనుంచి మొదలుపెట్టి, నిటారుగా కాక సుడి వైపు కొంచెం ఏటవాలుగా. ఇంకా కిందికి, చెవి పైకి దించితే పనికిరాదు. అటునుంచి ఇటు మోసుకొచ్చిన జుట్టు గాలి వీస్తే లేచిపోయి, దాచుకున్నదంతా నలుగురికీ చూపిస్తుంది.

ఏ పక్క తీయాలన్నది దీనికన్నా ముఖ్యం. పాపిడి తీసిన పక్క మూల బయటపడుతుంది, జుట్టు వెళ్లి పడే పక్క మూల కప్పుకుపోతుంది. కాబట్టి జుట్టు బాగున్న మూల వైపు పాపిడి తీయాలి. కుడి మూల లోపలికి పోయిన అమ్మాయికి ఎడమ పాపిడి. అందరూ చిన్నప్పట్నుంచి అలవాటైన పక్కే తీసుకుంటారు. అది పలచని పక్కే అయినా సరే అక్కడే గీస్తారు, ఆ గీత నేరుగా ఖాళీ మూలలోకి వెళ్లి దాన్ని ఇంకా పెద్దది చేస్తుంది. సుడి కూడా చూడాలి. సుడి తిరిగిన వైపే దువ్వితే జుట్టు అణిగి పడుకుంటుంది, దానికి ఎదురు దువ్వితే కుదుళ్లు లేచి నిలబడి ఒత్తుగా కనబడుతుంది. కొత్త పక్కకి జుట్టు మళ్లాలంటే తడిగా ఉన్నప్పుడే పాపిడి తీసి, చదునైన క్లిప్పులు పెట్టి ఆరనివ్వాలి. కొన్ని రోజులు అలా చేస్తే జుట్టు మాట వింటుంది. కొసాకి ఒక్క మాట, పాపిడిని స్కేలు పెట్టి గీసినట్టు తీయకండి. దువ్వెన కొసతో కాస్త వంకరటింకరగా తీస్తే తెల్ల గీత కనబడదు.

ఇదంతా పెళ్లిలో ఎలా వాడాలో ఆమధ్య ఒక అమ్మాయికి చేయించాను. హైదరాబాద్‌లో ఉద్యోగం, పెళ్లి గుంటూరు దగ్గర వాళ్ల ఊళ్లో. రోజూ పోనీటెయిల్ బిగించి బిగించి కణతలు రెండూ పలచబడ్డాయి, కుడి మూల మరీ లోపలికి పోయింది. వాళ్లమ్మ నాకు పాత పరిచయం. "అక్కా, పక్క పాపిడి అంటే కుదరదు. పాపిడి బిళ్ల పెట్టాలి కదా. పెళ్లికూతురికి నడి పాపిడి తప్పదు" అంది. ఆ పక్కనే అమ్మాయి, "ఫైబర్ వేసేయండి ఆంటీ, వీడియోల్లో రెండు నిమిషాల్లో అయిపోతోంది" అంది.

వీడియోలో ఆ అమ్మాయి ఏసీ గదిలో కూర్చుని ఉంటుంది. మన పెళ్లికూతురు హోమం పొగ దగ్గర కూర్చోవాలి. ఆ పొడి ఏమిటో తెలుసుకుంటే ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో తెలుస్తుంది. గొర్రెబొచ్చులో ఉండే కెరాటిన్‌తోనో, పత్తి నారతోనో చేసి రంగు వేసిన అతి సన్నటి ముక్కలవి. స్థిర విద్యుత్తు వల్ల వెంట్రుకకి అతుక్కుంటాయి. అంటే పట్టుకోవడానికి వెంట్రుక ఉండాలి. పలచటి జుట్టుని ఒత్తుగా చూపిస్తాయి గానీ నున్నటి చర్మం మీద నిలబడవు, మసి రాసినట్టు కనబడి కాసేపటికి రాలిపోతాయి. నూనె ఉన్నా, తడి ఉన్నా ముద్దకడతాయి. చెమట పట్టిన నుదుటిని రుమాలుతో తుడిస్తే తుడిచినంత మేరా వచ్చేస్తాయి.

ఇప్పుడు మన పెళ్లి తంతు తలచుకోండి. పొద్దున మంగళస్నానం, అంటే మాడు మీద నూనె. తర్వాత నుదుటికి బాసికం, దాని దారం రెండు కణతల మీదుగా వెనక్కి వెళ్లి ముడిపడుతుంది. ముహూర్తానికి తమలపాకులో జీలకర్ర బెల్లం ముద్ద నెత్తిన పెట్టి అదుముతారు. ఆపైన తలంబ్రాలు దోసిళ్లతో పోస్తారు. ఒంటి మీద ఉన్నవి మధుపర్కాలు, తెల్ల బట్ట. ఇన్నిటి మధ్య తల నిండా నల్ల పొడి చల్లితే దారం ఒరుసుకున్న చోట పోతుంది, ముద్ద పెట్టిన చోట బెల్లంతో కలిసిపోతుంది, మిగిలింది తెల్లచీర భుజాల మీద రాలుతుంది. ఆ మాట చెప్పాక తల్లీకూతుళ్లిద్దరూ నెమ్మదించారు.

పెళ్లికి మూడు వారాల ముందు రమ్మని ముంగురుల కింద కాస్త పని చేయించాను. నుదుటి మీద పడేవి కాదు, బాసికం కింద అవి నలిగిపోతాయి. త్రికోణం పై కొస వెనక్కి జరిపి, రెండు పక్కలా ఒక్కో పాయ చెంప ఎముక దాకా కోయించాను. అవి నడి పాపిడికి అటూ ఇటూ తెర తీసినట్టు విడిపోయి మూలల్ని కప్పుతాయి. మూడు వారాల ముందే ఎందుకంటే, కొత్తగా కోసిన జుట్టు పడే తీరు కుదుటపడాలి, ఒకవేళ కొంచెం పొట్టైనా సర్దుకునే వ్యవధి ఉండాలి. ఆ రోజు నుంచే పోనీటెయిల్ మాన్పించి వదులు జడ వేసుకోమన్నాను. వారం ముందు ఒకసారి మొత్తం అలంకారం చేసి, ఫ్యాన్ కింద కూర్చోబెట్టి, ఫ్లాష్‌తో ఫోటోలు తీశాం. కంటికి కనబడని ఖాళీ ఫ్లాష్ వెలుగులో తెల్లగా మెరుస్తుంది. కుడి మూలలో ఒక చిన్న ఖాళీ అలాగే కనబడింది.

పాపిడి సంగతి వాళ్లమ్మ అనుకున్నంత చిక్కేమీ కాదు. పాపిడి బిళ్ల గొలుసు ఎంత పొడుగో నడి పాపిడి అంత ఉంటే చాలు, నాలుగు వేళ్లు. గొలుసే ఆ గీతని కప్పుతుంది. దాని వెనకనుంచి జుట్టుని పాపిడి లేకుండా కొంచెం ఉబ్బుగా వెనక్కి దువ్వించాను. నెత్తి దాకా తెల్ల గీత పోలేదు కాబట్టి నుదురు ఎక్కడిదక్కడే ఆగింది. పాపిడికి కుడివైపు సూర్యుడు, ఎడమవైపు చంద్రుడు పెట్టించాను. చెంపసరాలు కూడా తగిలించాను. "ఇవి పాతకాలంవి కదా ఆంటీ, కూచిపూడి డాన్సర్లు పెట్టుకునేవి" అంది అమ్మాయి. అద్దం చేతికిచ్చి అవి ఎక్కడ కూర్చున్నాయో చూడమన్నాను. సూర్యచంద్రులు సరిగ్గా పాపిడి పక్కన జుట్టు పలచబడే చోట కూర్చుంటాయి. చెంపసరాల గొలుసు సరిగ్గా మూల మీదుగా చెవికి దిగుతుంది. మగవాళ్లే సత్యభామ వేషం కట్టిన కూచిపూడిలో, మూలలు తిరిగిన మగ నుదుటిని ఆడ నుదుటిగా చూపించడానికి ఈ నగల అమరిక కూడా పనికొచ్చేది. మా అమ్మమ్మల తరం ఇవి పెట్టుకుని పొడి అనే మాట వినకుండా పెళ్లిళ్లు చేసుకున్నారు. ఇప్పుడు వాటిని తీసి అవతల పెట్టి, ఒక్క సన్నటి బిళ్ల తగిలించి, మూలలు కనబడుతున్నాయని బాధపడుతున్నారు. బంగారంవే పెట్టాలని లేదు. ఈ అమ్మాయికి తేలికపాటి గిల్టువి తెప్పించాం, కొక్కేల్ని పలచటి ముందు జుట్టుకి తగిలించకుండా వెనక ఒత్తు జుట్టులో దాచిన పిన్నులకి తగిలించాం. పూలజడ బరువు కూడా అంతే, మెడ వెనక గట్టిగా అల్లిన కుదురు మీదే ఆనాలి, ముందు అంచుని లాగకూడదు.

పెళ్లిరోజు మంగళస్నానానికి నూనెని శాస్త్రానికి ఒక్క చుక్క అద్దమని చెప్పాను. ఆపైన రెండుసార్లు షాంపూతో కడిగి, కుదుళ్ల దాకా పూర్తిగా ఆరబెట్టారు. అలంకారం అంతా అయ్యాక మిగిలింది కుడి మూలలో ఆ ఖాళీ ఒక్కటే. బాసికం దారం వెళ్లే అంచు మీద ఫైబర్ నిలవదు కాబట్టి అక్కడ అద్దుడు పొడి వాడించాను. మైనం కలిసి ఉంటుంది, చిన్న స్పాంజితో చర్మానికి అద్దితే పట్టుకుంటుంది, గీత గీసినట్టు కాకుండా చుక్కలు చుక్కలుగా అద్దాలి. ఫైబర్ దానికి వేలెడు వెనక, పలచగానైనా వెంట్రుకలున్న చోట. దువ్వెనని అంచుకి అడ్డంగా పట్టుకుని, జానెడులో సగం ఎత్తునుంచి డబ్బాని వేలితో మెల్లగా తట్టడమే, ఉప్పు వేసినట్టు కుమ్మరించకూడదు. అరచేత్తో మెత్తగా అద్ది, చూసి, ఇంకా కావాలంటేనే ఇంకో తట్టు. కళ్ల మీద రుమాలు కప్పి, మూరెడు దూరం నుంచి పట్టు నిలిపే స్ప్రే కొట్టి, అది ఆరేదాకా చేయి పెట్టనివ్వలేదు. తర్వాత తెల్ల రుమాలు ఒకసారి మెల్లగా అద్దితే మరక పడకూడదు. పడితే ఎక్కువ చల్లినట్టే, దులిపి మళ్లీ చేయాలి.

రంగు దగ్గర కూడా పట్టుబట్టాను. అమ్మాయి తెచ్చిన డబ్బా కారు నలుపు. మనవాళ్ల జుట్టు నీడలో నల్లగా ఉంటుంది గానీ ఎండలో ఎర్రజీర కనబడుతుంది, అందులోనూ నుదుటి అంచు వెంట్రుకలు ఎప్పుడూ కాస్త లేత రంగే. అక్కడ కారు నలుపు వేస్తే అతికించిన విగ్గులా తెలిసిపోతుంది. ముదురు గోధుమరంగు తెప్పించి అంచు దగ్గర వాడాం.

పెళ్లికొడుకు తరఫువాళ్లకి చెప్పేవాళ్లు లేకపోయారు. ఆ అబ్బాయికీ ముందు పలచబడింది. ఎవరో నడినెత్తి దాకా ఫైబర్ చల్లి, జుట్టంతా వెనక్కి దువ్వి పంపించారు. జీలకర్ర బెల్లం ఆనించి తీసేసరికి అమ్మాయి వేళ్లు నల్లబడ్డాయి. మగపిల్లలకి దీనికన్నా తేలిక దారి ఉంది. పక్కలు బాగా పొట్టిగా కోసి, పైజుట్టు రెండంగుళాలు ఉంచి, వెనక్కి కాకుండా ముందుకి, కొంచెం పక్కకి వేళ్లతో దువ్వితే సరిపోతుంది. పక్కలు పొట్టిగా ఉంటే పైన పలచదనం తెలియదు. మూలలు లోపలికి పోయినవాడు జుట్టు వెనక్కి దువ్వితే ఆ మూలల్ని ఎత్తి చూపించినట్టే. మా నాన్నగారి కాలంలో నూనె రాసి వెనక్కి దువ్వేవారంటే, అప్పుడు బట్టతల దాచుకోవాలని ఎవరూ అనుకోలేదు.

మర్నాడు రిసెప్షన్. వాళ్లమ్మ ఫోన్ చేసి, "లైట్లు ఎక్కువుంటాయి అక్కా, ఇవాళ ఇంకొంచెం ఎక్కువ చల్లించనా" అని అడిగింది. ఇవాళ పాపిడి బిళ్లే లేదు కదా, ఎడమ పాపిడి తీసి కుడివైపుకి జుట్టు మళ్లించమన్నాను. కోయించిన పాయ కుడి మూల మీదుగా చెంప దాకా జారింది. లైట్ల కింద ఫైబర్ ఎక్కువైతే జుట్టుకుండే మెరుపు చచ్చిపోయి బొగ్గు పూసినట్టు మొద్దుగా కనబడుతుంది. అంచేత ఆ రోజు అసలు వాడనివ్వలేదు.

ఆ స్ప్రే, పొడి ఉన్న తలతో మాత్రం పడుకోవద్దని తల్లికీ కూతురికీ విడివిడిగా చెప్పాను. ఎంత అలసటగా ఉన్నా పిన్నులు తీసి, చిక్కు తీసుకోకుండా ముందు గోరువెచ్చటి నీళ్లు పోసి, స్ప్రే కరిగాక షాంపూ చేయాలి. ఎండిన స్ప్రే మీద దువ్వెన వేస్తే అంచు వెంట్రుకలే మొదట తెగుతాయి. అత్తారింటికి వెళ్లాక కూడా ఆరునెలల పాటు వదులు జడే. పాత అంచు దగ్గర సన్నటి వెంట్రుకలు లావెక్కుతున్నాయో లేదో నెలనెలా ఒకే వెలుగులో ఫోటో తీసి చూసుకోమన్నాను. బిగించడం మానేసినా మూలలు ఇంకా జరుగుతూ ఉంటే, లేదా కనుబొమలు కూడా పలచబడటం మొదలైతే అది పార్లర్ పని కాదు, చర్మం డాక్టరుకి చూపించుకోవాలి. బిడ్డ పుట్టిన మూడో నెలలో ముందు జుట్టు గుప్పెళ్లతో రాలితే అప్పుడు మాత్రం కంగారుపడొద్దన్నాను, ఏడాది తిరిగేలోగా అది చాలామందికి దానంతటదే మొలుస్తుంది. ఈలోగా పాపిడి మార్చుకుంటే చాలు.